యాంటెన్నా పట్టుకుంటే పలికే రేడియో: ఎఫ్‌ఎం సిగ్నల్ ఎక్కడ పోతోంది?

ఎఫ్‌ఎం రేడియో గరగరమంటుంటే చాలామంది చేసే మొదటి పని యాంటెన్నా కడ్డీని చేత్తో పట్టుకోవడం. పట్టుకోగానే పాట శుభ్రంగా వినిపిస్తుంది. చెయ్యి తీస్తే మళ్లీ గరగర. అలా ఎంతసేపు పట్టుకుని కూర్చుంటాం? చివరికి "ఇక్కడ సిగ్నల్ రాదు" అనుకుని రేడియో కట్టేస్తాం. కానీ చెయ్యి పెడితే బాగుండడం, తీస్తే పాడవడం అనేది తప్పు ఎక్కడుందో వెతకడానికి దొరికిన మంచి ఆధారం. కడ్డీలో ఏ చోట చెయ్యి పెడితే బాగవుతోందో గమనిస్తే చాలు, లోపం కడ్డీలోనా, రేడియో పెట్టిన చోటులోనా అన్నది దాదాపు తేలిపోతుంది.

అయితే ముందు ఆ శబ్దం ఎలాంటిదో చెవిపెట్టి వినాలి. అన్ని గరగరలూ ఒకటి కావు. పాట వెనకాల ఎడతెగని "స్‌స్‌స్" మని వస్తుంటే సిగ్నల్ బలం చాలడం లేదని అర్థం. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే. అలా కాకుండా సిగ్నల్ గట్టిగానే ఉన్నా మాటలు చిరిగినట్టు, ముఖ్యంగా "స", "శ" అక్షరాలు ఉమ్మినట్టు వినిపిస్తుంటే, ఒకే స్టేషన్ తరంగాలు గోడల మీదా భవనాల మీదా పడి తిరిగివచ్చి ఒకదాన్నొకటి దెబ్బతీస్తున్నాయి. దానికి మందు చోటు మార్చడమే, యాంటెన్నా పెంచడం కాదు. "బర్ర్" మని ఒకే శ్రుతిలో మోగుతూ, దగ్గర్లోని ఎల్‌ఈడీ బల్బో చార్జరో ఆపగానే పోయిందంటే అది ఆ వస్తువు చేసే అల్లరి.

మొదటి రకాన్నే పట్టుకుని ముందుకు వెళదాం.

కొద్ది తేడాకే ఇంత మార్పు ఎందుకు

ఎఫ్‌ఎంలో పాట సమాచారమంతా తరంగం ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పుల్లో ఉంటుంది, దాని బలంలో కాదు. అందుకే సిగ్నల్ బలం కాస్త అటూ ఇటూ అయినా, ఒక స్థాయికి పైన ఉన్నంతసేపు మనకి తేడా తెలియదు. రేడియో ఆ హెచ్చుతగ్గులను కత్తిరించి పడేస్తుంది. కానీ సిగ్నల్ బలం ఒక హద్దు కిందికి జారిందంటే, అక్కడి నుంచి నాణ్యత మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా కూలిపోతుంది. ముందు చిటపటలు మొదలవుతాయి, ఆ వెంటనే హోరు మొత్తం పాటను మింగేస్తుంది. అంటే గరగరమంటున్న రేడియో చాలాసార్లు ఆ హద్దుకి కాస్త కిందే ఉంటుంది. దాన్ని పైకి తేవడానికి ఎన్నో రెట్లు సిగ్నల్ అవసరం లేదు, రెట్టింపో మూడింతలో చాలు. చెయ్యి పెడితే బాగుపడడం, రేడియోను మూరెడు పక్కకి జరిపితే బాగుపడడం ఇందుకే.

ఇదే కారణంగా అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. రేడియోలో స్టీరియో, మోనో మార్చే బటనో మెనూనో ఉంటే మోనోలో పెట్టండి. స్టీరియోలో కుడి ఎడమల మధ్య తేడాను మోసే భాగం 38 కిలోహెర్ట్జ్ దగ్గర, పాట అసలు భాగానికి బాగా పైన కూర్చుంటుంది. ఎఫ్‌ఎంలో హోరు పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది కాబట్టి, ఆ భాగాన్ని విప్పి పాటలో కలపగానే దాని హోరంతా మన చెవిలోకి వస్తుంది. మోనోలో ఆ భాగాన్ని వదిలేస్తాం. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట కడ్డీ ముట్టకుండానే సగం సమస్య తీరిపోవచ్చు. ఒకే స్పీకర్ ఉన్న చిన్న రేడియోలో స్పీకర్‌లో బాగానే ఉండి, హెడ్‌ఫోన్ పెట్టగానే హోరు వస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

బ్యాటరీలు కూడా ఒకసారి చూసుకోవాలి. అవి అరిగిపోతే వాల్యూమ్ పెంచినప్పుడు పాట బొంగురుపోతుంది, స్టేషన్ జారిపోతుంది. అది యాంటెన్నా తప్పు కాదు.

కడ్డీ సగం యాంటెన్నా మాత్రమే

ఎఫ్‌ఎం స్టేషన్లు ఎక్కువ దేశాల్లో 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పొడవు 3 మీటర్లు. మడత కడ్డీకి బాగా కుదిరే పొడవు అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్లు. 88 దగ్గర అది 85 సెంటీమీటర్లకి పెరుగుతుంది, 108 దగ్గర 69కి తగ్గుతుంది. కాబట్టి కడ్డీ పూర్తిగా లాగితే 70, 80 సెంటీమీటర్లు వచ్చే రేడియో అదృష్టం చేసుకుంది. చిన్న రేడియోలకు ఇంతకన్నా పొట్టి కడ్డీలే ఉంటాయి. వాటిలో చివరి ముక్క కూడా పూర్తిగా బయటికి లాగకపోవడం ఉన్న కాస్తనీ వదులుకోవడమే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అలాంటి కడ్డీ ఒంటరిగా పని చేయదు. తరంగం కడ్డీలో పుట్టించే విద్యుత్తు అటూ ఇటూ ఊగాలంటే, దానికి ఎదురుగా మరో లోహభాగం ఉండాలి. రేడియోలో ఆ రెండో సగం పాత్రను లోపలి బోర్డు, బ్యాటరీలు, స్పీకర్ చట్రం పోషిస్తాయి. పెద్ద రేడియోలో ఇది పర్వాలేదు. అరచేతిలో పట్టే రేడియోలో మాత్రం ఆ రెండో సగం మరీ చిన్నది. అందుకే ఆ రేడియోను చేత్తో పట్టుకుంటే, కడ్డీని తాకకపోయినా, రిసెప్షన్ మెరుగవుతుంది. మన ఒళ్లే రెండో సగంగా మారుతుంది. బల్ల మీద పెట్టగానే ఆ సాయం పోతుంది.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. ఈ కడ్డీ ఎఫ్‌ఎంకీ, షార్ట్‌వేవ్‌కీ మాత్రమే. మామూలు ఏఎం స్టేషన్లకు రేడియో లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన తీగ ఉంటుంది. ఏఎం రాలేదని కడ్డీ లాగడం వల్ల ప్రయోజనం లేదు, రేడియో మొత్తాన్ని తిప్పి చూడాలి.

చేతిని పరికరంగా వాడడం

ఇప్పుడు మన చెయ్యి పెడితే పలికే రేడియో దగ్గరికి వద్దాం. స్టేషన్ 101 మెగాహెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి. రేడియోను బల్ల మీద పెట్టి, కడ్డీ పూర్తిగా లాగి, మోనోలో ఉంచి, హోరు పాటతో పోటీపడుతున్న స్థితిలో వదిలేయాలి. గట్టిగా వచ్చే స్టేషన్ ఈ పరీక్షకు పనికిరాదు. కడ్డీ మొత్తం విరిగినా అది వినిపిస్తూనే ఉంటుంది.

ముందు కడ్డీని పూర్తిగా మూసి, మళ్లీ పూర్తిగా తెరవండి. హోరులో ఏ తేడా లేదంటే కడ్డీకి వచ్చిన సిగ్నల్ లోపలికి చేరడం లేదనే అనుమానం గట్టిపడుతుంది. తర్వాత కడ్డీ అడుగు ముక్కను, అంటే రేడియోకి అంటుకుని ఉన్న లావు ముక్కను వేలితో తాకండి. ఆ తర్వాత కొనను తాకండి. ఈ రెండు తాకుళ్లకూ వచ్చే తేడాలోనే జవాబుంది.

అడుగున తాకితే బాగయింది, కొనను తాకితే ఏ మార్పూ లేదు అనుకుందాం. అడుగు ముక్క లోపలి సర్క్యూట్‌కి బాగానే కలిసి ఉంది, కానీ అడుగుకీ కొనకీ మధ్య ఎక్కడో ముక్కల మధ్య సంబంధం తెగింది. కడ్డీ చూడడానికి పొడుగ్గా ఉన్నా, రేడియోకి మాత్రం అందులో అడుగు ముక్క ఒక్కటే ఉన్నట్టు. మడత కడ్డీలో ప్రతి గొట్టమూ లోపలి చిన్న స్ప్రింగు రేకు ఒత్తిడితో పక్క గొట్టాన్ని ఆనుకుంటుంది. ఏళ్ల తరబడి మురికి, తేమ, వేళ్ల జిడ్డు అక్కడ పేరుకుంటే, లేదా రేకు వదులైతే, ఆ ఆనుడు పోతుంది. కడ్డీ ముక్కలు వాటంతటవే కిందికి జారిపోతుంటే రేకు వదులైనట్టే.

అడుగున తాకినా మార్పు లేదు, కానీ రేడియో పెట్టెను చేత్తో పట్టుకుంటే కాస్త బాగుంటోంది అనుకోండి. అప్పుడు తెగింది కడ్డీ కాదు. దాని అడుగు నుంచి లోపలి బోర్డుకి వెళ్లే చిన్న వైరు. కడ్డీని అస్తమానం తిప్పడం వల్ల అడుగు స్క్రూ వదులై, దాని కింద నొక్కుకుని ఉండే రేకు గుండ్రంగా తిరిగి, ఆ వైరును దాని సోల్డర్ దగ్గర తెంపేస్తుంది. పడిపోయిన రేడియోల్లో ఇది మరీ ఎక్కువ. వెనక మూత తీసి చూస్తే ఒక కొన గాలిలో వేలాడుతూ కనిపిస్తుంది. ఒక సోల్డర్ చుక్కతో పోయే తప్పు ఇది. రేడియో కరెంటుతో నడిచేదైతే మాత్రం ప్లగ్ తీసి, కాసేపు ఆగాకే మూత తీయాలి.

అడుగున తాకినా, కొనను తాకినా రెండుసార్లూ బాగవుతోంది, వదిలితే హోరు వస్తోంది అంటే కడ్డీ బాగానే ఉంది. ఆ చోట సిగ్నల్ చాలడం లేదు, లేదా రేడియోకి రెండో సగం చిన్నదై ఉంది. అప్పుడు కడ్డీ మార్చి డబ్బు తగలెయ్యకండి, కింద చెప్పే చోటు మార్పు, హెడ్‌ఫోన్ వైరు ప్రయత్నించండి.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు మొదటి అనుమానాన్ని ఖాయం చేసుకోవచ్చు. రేడియో ఆపి, మీటర్‌ను తక్కువ ఓమ్స్ రేంజిలో పెట్టి, ఒక ప్రోబ్‌ను కడ్డీ అడుగు స్క్రూకి ఆనించి, రెండోదాన్ని ఒక్కో ముక్క మీదికి జరుపుతూ పోవాలి. బాగున్న కడ్డీలో కొన దాకా ఒక ఓమ్ లోపే చూపిస్తుంది. ఏ ముక్క దగ్గర అంకె ఎగిరెగిరి పడుతోందో, కడ్డీని కాస్త వంచితే మారుతోందో, తప్పు అక్కడుంది. రంగు పూసిన కడ్డీ అయితే ప్రోబ్ కొసతో కాస్త గీకి చూడాలి. అయితే కడ్డీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలిచి ఏ నిర్ణయానికీ రాకండి. కొన్ని రేడియోల్లో మధ్యలో కెపాసిటర్ ఉండి తెగినట్టు చూపిస్తుంది, కొన్నిటిలో చిన్న కాయిల్ ఉండి కలిసిపోయినట్టు చూపిస్తుంది. రెండూ సక్రమమే.

మురికే కారణమైతే కడ్డీని పూర్తిగా లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, పదిపదిహేనుసార్లు మూసి తెరిస్తే చాలావరకు తిరిగి పలుకుతుంది. జారుడు కోసం నూనె, గ్రీజు పూయకూడదు. అవి మురికిని పట్టి ఉంచుతాయి. రేకు వదులైన కడ్డీని మాత్రం మార్చడమే మంచిది. కొత్తది తెచ్చేదాకా పనిచేసే ఏర్పాటు ఒకటుంది. 74 సెంటీమీటర్ల మామూలు వైరు తీసుకుని, ఒక కొస రెండు సెంటీమీటర్ల మేర తొక్క తీసి, మూసిన కడ్డీ అడుగు ముక్కకి గట్టిగా చుట్టి, రెండో కొసను కిటికీ వైపు నిటారుగా వేలాడదీయండి. 101 మెగాహెర్ట్జ్‌కి అది సరిగ్గా నాలుగో వంతు. ఇది కడ్డీ లాంటిదే, కాబట్టి రేడియో ఇప్పుడు పలికితే కడ్డీయే దోషి అని మరోసారి రుజువైనట్టు. ఈ వైరును కరెంటు తీగలకు తగిలేలా ఎక్కడా కట్టకూడదు. బయటికి చాచిన వైరును ఉరుముల సమయంలో ముందే తీసేయాలి.

ఎక్కడ పెట్టాలి, ఎటు వంచాలి

కడ్డీ బాగుందని తేలాక మిగిలింది చోటు. ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు చూపు లాగా నేరుగా వెళతాయి. ప్రసార స్తంభం ఎత్తు 100 మీటర్లు, మన రేడియో ఎత్తు 2 మీటర్లు అనుకుంటే, చదునైన నేల మీద హద్దు 47 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ హద్దుకి అటూ ఇటూ ఉన్నవాళ్లకి ఎత్తు చాలా ముఖ్యం. హద్దు లోపల ఉన్నవాళ్లకీ నేల దగ్గరకన్నా పైన సిగ్నల్ బలంగా ఉంటుంది. కింది అరలోంచి పై అరకు ఎక్కించడం ఉత్తినే చేసే పని కాదు.

ఇంట్లో అసలు సమస్య వేరు. గోడల మీద పడి తిరిగివచ్చే తరంగాలు అసలు తరంగంతో కలిసి, గదిలో కొన్ని చోట్ల బలాన్ని పెంచుతాయి, కొన్ని చోట్ల చంపేస్తాయి. ఎదురెదురుగా వచ్చే తరంగాల విషయంలో బలమైన చోటుకీ బలహీనమైన చోటుకీ మధ్య దూరం తరంగంలో నాలుగో వంతు, అంటే మళ్లీ ఆ 75 సెంటీమీటర్లే. అందుకని గది ఈ మూల నుంచి ఆ మూలకి మోసుకెళ్లి "ఎక్కడా రాదు" అనకుండా, ఒక జానెడు చొప్పున జరుపుతూ వినాలి. జరిపాక చేతులు తీసి రెండడుగులు వెనక్కి వచ్చి వినాలి. దగ్గర్లో నిలబడ్డ మనిషి కూడా ఆ లెక్కను మారుస్తాడు, మీరు వెళ్లాక అది పనిచేయకపోతే ఏం లాభం.

కిటికీ దగ్గర బాగుంటుందన్నది నిజమే, కానీ దానికి ఇనుప ఊచలు, లోహపు దోమతెర ఉంటే అంత మేలు ఉండదు. ఫ్రిజ్, ఇనుప బీరువా, మైక్రోవేవ్ పక్కన పెట్టడం మానాలి. లోహపు రేకు ఉన్న బల్ల మీద కూడా ఒకసారి పెట్టి, ఒకసారి తీసి చూడండి. చార్జర్, ఎల్‌ఈడీ బల్బు, వైఫై రౌటర్ నుంచి కనీసం మీటరు దూరం ఉంచండి. రేడియోను అడాప్టర్‌తో నడుపుతుంటే ఒక్కసారి అది తీసి బ్యాటరీ మీద వినండి. హోరు తగ్గితే అడాప్టరే తప్పు చేస్తోంది. పెరిగితే అది మరో ఆసక్తికరమైన విషయం చెబుతుంది, అడాప్టర్ వైరు ఇన్నాళ్లూ యాంటెన్నా రెండో సగంగా పనిచేస్తూ వచ్చింది.

కడ్డీని ఎటు వంచాలన్నదానికి ఒకే ఒక్క నియమం గుర్తుంచుకోండి. కడ్డీ కొనను స్టేషన్ వైపు గురిపెట్టకూడదు. ఆ దిశ నుంచి వచ్చే తరంగాన్ని అది దాదాపు పట్టుకోలేదు. స్టేషన్ దిశకు అడ్డంగా, నిటారుగానో పడుకోబెట్టో ఉండాలి. కొన్ని స్టేషన్లు నిలువుగా, కొన్ని అడ్డంగా, చాలా స్టేషన్లు రెండు విధాలుగానూ ప్రసారం చేస్తాయి. పైగా గోడల మీద పడ్డాక తరంగం దిశ కలగాపులగం అవుతుంది. కాబట్టి నిలువు, ఏటవాలు, అడ్డం మూడూ ప్రయత్నించి చెవికి నచ్చినదాన్ని ఉంచండి.

హెడ్‌ఫోన్ వైరు ఏం చేస్తుంది

కడ్డీ అస్సలు లేని జేబు రేడియోలు, ఎఫ్‌ఎం ఉన్న ఫోన్లు ఇయర్‌ఫోన్ పెట్టమని అడగడం అందరికీ తెలిసిందే. వాటిలో ఆ వైరే యాంటెన్నా. ఒకే తీగలో పాట బయటికి వెళుతుంటే, సిగ్నల్ లోపలికి ఎలా వస్తుందనేదే ఇందులోని నేర్పు. ఇయర్‌ఫోన్‌లో కుడి, ఎడమ స్పీకర్లకు రెండు తీగలు, వాటికి ఉమ్మడిగా ఒక గ్రౌండ్ తీగ ఉంటాయి. మామూలుగా ఆ గ్రౌండ్ తీగను బోర్డు గ్రౌండ్‌కి నేరుగా కలిపేస్తారు. యాంటెన్నాగా వాడే రేడియోలో మాత్రం మధ్యలో చిన్న కాయిల్ పెడతారు. ఒక మైక్రోహెన్రీ కాయిల్ తీసుకుంటే, 10 కిలోహెర్ట్జ్ శబ్దానికి అది 0.06 ఓమ్‌లు మాత్రమే, అంటే లేనట్టే. 100 మెగాహెర్ట్జ్ తరంగానికి అదే కాయిల్ సుమారు 630 ఓమ్‌ల గోడ. అలా పాట గ్రౌండ్‌కి పోతుంది, తరంగం పోలేక చిన్న కెపాసిటర్ ద్వారా ఎఫ్‌ఎం చిప్‌లోకి మళ్లుతుంది.

దీన్నుంచి కొన్ని సంగతులు వాటంతటవే వస్తాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో యాంటెన్నా పని జరగదు, వైరు లేదు కాబట్టి. ఇయర్‌ఫోన్ లేకపోయినా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న ఆక్స్ వైరు గుచ్చి స్పీకర్‌లో వినొచ్చు, వైరు ఉంది కాబట్టి. వైరును చుట్టగా చుట్టి జేబులో పెడితే హోరు పెరుగుతుంది, చాచినప్పుడే అది యాంటెన్నా. ఒంటికి గట్టిగా అంటుకుని ఉన్నా కాస్త బలం పోతుంది. వైరు సాధారణంగా 1.2 మీటర్ల దాకా ఉంటుంది, 75 సెంటీమీటర్లకన్నా ఎక్కువే, అయినా బాగా పనిచేస్తుంది. మరీ మెలికలు లేకుండా వేలాడితే చాలు. పిన్ను సగమే గుచ్చుకున్నా, ఉమ్మడి తీగ తెగినా, సిగ్నల్‌తో పాటు శబ్దం కూడా పాడవుతుంది. స్టీరియోలో పాడేవాళ్ల గొంతు మాయమై వాయిద్యాలు పల్చగా మిగులుతాయి, మోనోలో దాదాపు ఏమీ వినిపించదు. ఇలా జరిగితే ముందు మరో ఇయర్‌ఫోన్‌తో చూడండి, తర్వాతే సాకెట్‌ని అనుమానించండి.

కడ్డీ ఉన్న రేడియోల సంగతి వేరు. చాలావాటిలో హెడ్‌ఫోన్ వైరు బోర్డు గ్రౌండ్‌కే కలుస్తుంది, యాంటెన్నా ద్వారంలోకి కాదు. అయినా గుచ్చగానే రిసెప్షన్ బాగుపడడం చూస్తాం. ఎందుకంటే ఇందాక చిన్నదన్న ఆ రెండో సగానికి ఇప్పుడు మీటరుకు పైగా తోక వచ్చింది. దీన్ని పూర్తిగా వాడుకోవాలంటే కడ్డీని పైకి నిటారుగా లాగి, వైరును బల్ల అంచు నుంచి కిందికి నేరుగా వేలాడదీయాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండూ పక్కపక్కనే ఒకే వైపు పోతే ప్రయోజనం తగ్గుతుంది. స్పీకర్‌లో వినాలనుకుంటే, హెడ్‌ఫోన్ గుచ్చినా స్పీకర్ ఆగకుండా ఉంచే ఏర్పాటు రేడియోలో ఉండాలి. అది లేని బ్యాటరీ రేడియోలో 75 సెంటీమీటర్ల వైరు ముక్కను బ్యాటరీ పెట్టెలో మైనస్ స్ప్రింగు కిందికి దూర్చి కిందికి వదిలినా అదే పని జరుగుతుంది. కొస ప్లస్ రేకుకి తగలకుండా చూసుకోవాలి. అడాప్టర్ తగిలించి ఉన్నప్పుడు మాత్రం ఇది చేయొద్దు.

మీ రేడియోలో హెడ్‌ఫోన్ వైరు అసలు పాత్ర ఏదో తెలుసుకోవడానికి బలహీనమైన స్టేషన్ పెట్టి, కడ్డీ పూర్తిగా మూసేసి, వైరును ఒకసారి చుట్టగా, ఒకసారి చాచి వినండి. కడ్డీ మూసి ఉన్నా, వైరు చాచగానే స్టేషన్ దాదాపు మామూలుగా వినిపిస్తే వైరే యాంటెన్నా. కడ్డీ తెరిచి ఉన్నప్పుడే వైరు తేడా చూపిస్తే అది రెండో సగం.

ఇవన్నీ చేసి, మోనోలో, కిటికీ దగ్గర, కడ్డీ పైకీ వైరు కిందికీ ఉంచినా హోరు వదలకపోతే, అదే చోట అదే ఫ్రీక్వెన్సీ మరో రేడియోలో వినండి. దాంట్లో బాగా వస్తుంటే మీ రేడియో లోపలి ట్యూనర్‌లోనే లోపం ఉంది, మెకానిక్ చూడాలి. పొడి వాతావరణంలో ఒంట్లోని స్టాటిక్ కడ్డీ మీదుగా లోపలికి దూకి మొదటి ట్రాన్సిస్టర్‌ను బలహీనం చేసిన రేడియోలు ఇలాగే ప్రవర్తిస్తాయి, దగ్గరి స్టేషన్లు మాత్రమే పలుకుతాయి. రెండో రేడియోలోనూ అదే హోరు వస్తుంటే ఆ గదికి ఆ స్టేషన్ అందడం లేదు. మేడ మీద పెట్టే ఎఫ్‌ఎం యాంటెన్నా, కిందికి దిగే కోయాక్సియల్ కేబుల్, దాన్ని తగిలించే సాకెట్ ఉన్న రేడియో కావాలి.